పదో తరగతి పరీక్షలు: ఇంకు వెనక్కి దిగితే 24 పేజీల్లో సగం పోయినట్టే! పెన్ను, నోట్‌బుక్ కొనేముందు ఇంట్లోనే చేసుకునే పరీక్షలివి

కర్నూలు, కడప: మార్చి వచ్చిందంటే ఇటు కర్నూలు కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల, అటు కడప వైవీ స్ట్రీట్‌లో స్టేషనరీ షాపులకు గిరాకీ పెరుగుతుంది. ఒకవైపు ఒంటిపూట బడులు, ఇంకోవైపు పదో తరగతి పరీక్షలు. పిల్లలు కౌంటర్ దగ్గర నిలబడి అరచేతి మీద నాలుగు గీతలు గీస్తారు. "ఇది స్మూత్‌గా పోతాంది, ఇదే ఈ అన్నా" అని అరడజను పెన్నులు తీసుకుంటారు. అసలు పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. అరచేతి మీద బాగా రాసిన పెన్ను ఆన్సర్ బుక్‌లెట్ మీద ఎలా రాస్తుందో చెప్పలేం. చర్మం ఇంకును పీల్చదు, పేపర్ పీలుస్తుంది. ఎంత పీలుస్తుంది అన్న దాని మీదే మీ అక్షరం ఆధారపడి ఉంటుంది.

మరి పెన్ను ఎలా చూసి కొనాలి? ప్రాక్టీసుకు నోట్‌బుక్ ఎలాంటిది ఉండాలి? జీఎస్‌ఎం అంటే ఏంటి? కిరాణా కొట్టు కాటా మీద పేపర్ మందం ఎలా లెక్కగట్టొచ్చు? ఒక్కొక్కటిగా చూద్దాం.

పేపర్ వాళ్లది.. పెన్ను మాత్రమే మీది

ముందు ఈ ఒక్క విషయం అర్థం చేసుకుంటే మిగతాదంతా సులువు. పబ్లిక్ పరీక్షలో మీరు రాసే పేపర్ మీరు కొన్నది కాదు. ఏపీలో 2023లో పదో తరగతి పరీక్షలు ఆరు పేపర్లకు తగ్గాయి. విడివిడి అడిషనల్ షీట్లకు బదులు 24 పేజీల ఆన్సర్ బుక్‌లెట్ ఇచ్చే పద్ధతి వచ్చింది. అది ఏ మందంలో ఉంటుందో, ఎంత నునుపుగా ఉంటుందో ఆ రోజు చేతికి వచ్చాకే తెలుస్తుంది. దాన్ని మార్చుకునే వీలు లేదు. మీ చేతిలో ఉన్నది పెన్ను ఒక్కటే.

ఇప్పుడు చిన్న లెక్క. 24 పేజీలంటే 12 ఆకులు. మీ పెన్ను ఇంకు పేపర్ వెనక్కి దిగిందనుకోండి. ఒకవైపు రాశాక వెనకవైపు రాస్తే రెండు పక్కల అక్షరాలు కలిసిపోతాయి. అప్పుడు విద్యార్థి చేసేది రెండే పనులు. ఒకటి, ఆ మరకల మీదే రాస్తాడు, మూల్యాంకనం చేసే టీచర్‌కు చదవడం కష్టమవుతుంది. రెండు, వెనక పేజీ వదిలేస్తాడు. అలా వదులుకుంటూ పోతే 24 పేజీల బుక్‌లెట్ 12 పేజీలే అవుతుంది. సోషల్ లాంటి పేపర్‌లో చివరి జవాబులు ఇరుకిరుగ్గా రాయాల్సి వస్తుంది. లేదంటే మధ్యలో ఇన్విజిలేటర్‌ను పిలిచి అదనపు పేపర్ అడగాలి, దాని మీద వివరాలు రాయాలి. పోయే టైమ్ మనదే.

అందుకే నోట్‌బుక్‌ను ప్రాక్టీసు కోసం, పెన్నును పరీక్ష కోసం ఎంచుకోవాలి. రెండింటినీ కలిపి చూసుకోవాలి.

నీడ వేరు.. ఇంకు దిగడం వేరు

రాసిన పేజీ తిప్పి చూస్తే వెనక అక్షరాలు కనిపిస్తాయి. ఇది రెండు రకాలుగా జరుగుతుంది. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

మొదటిది నీడ. పేపర్ పలచగా ఉంటే ఇటువైపు అక్షరం అటువైపు మసకగా, ఒకే రంగులో కనిపిస్తుంది. ఇంకు మాత్రం అటువైపు రాలేదు. ఇది చికాకు పెడుతుంది కానీ వెనక పేజీ రాసుకోవచ్చు. రెండోది నిజంగా ఇంకు దిగడం. పేపర్ గుండా ఇంకు ప్రయాణించి అటువైపు చుక్కలుగా తేలుతుంది. ముఖ్యంగా ఫుల్‌స్టాప్ పెట్టిన చోట, అక్షరం మొదలుపెట్టిన చోట, పెన్ను ఒక్క క్షణం ఆగిన చోట ముదురు చుక్కలు కనిపిస్తాయి. ఇలాంటి పేజీ వెనక రాయడం కష్టం.

దీన్ని తేల్చుకోవడానికి ఒక నిమిషం చాలు. పేపర్ మీద మామూలుగా రెండు లైన్లు రాయండి. మూడో లైనులో పెన్ను మొనను ఒకే చోట మూడు సెకన్లు ఆనించి తీయండి. అలా ఐదు చుక్కలు పెట్టండి. రెండు నిమిషాలు ఆగి పేజీ తిప్పండి. వెనక ఐదు చుక్కలూ ముదురుగా తేలితే ఇంకు దిగినట్టు. మసకగా ఉంటే అది నీడే.

మరి ఇంకు ఎందుకు దిగుతుంది? పేపర్ అంటే కర్ర, వెదురు, గడ్డి లేదా పాత కాగితాల పీచును గుజ్జు చేసి పరిచిన పొర. కర్నూలు పక్కన గొందిపర్ల దగ్గర ఒకప్పుడు రాయలసీమ పేపర్ మిల్లు ఉండేది, పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఏ మిల్లులోనైనా రాసుకునే పేపర్ తయారుచేసేటప్పుడు గుజ్జులో రోజిన్ లాంటి పదార్థం కలుపుతారు. పీచు నీటిని గబుక్కున పీల్చకుండా అది అడ్డుకుంటుంది. ఈ పనినే మిల్లుల్లో సైజింగ్ అంటారు. సైజింగ్ సరిపోని పేపర్ మీద ఇంకు పెడితే న్యూస్‌పేపర్ మీద నీళ్లు పడ్డట్టే, పీచు వెంట నాలుగు వైపులా పాకుతుంది, కిందికీ దిగుతుంది.

పక్కలకు పాకడం కూడా తక్కువ సమస్య కాదు, ముఖ్యంగా తెలుగు మీడియం పిల్లలకు. మన అక్షరాలన్నీ గుండ్రాలే. 'ప' పైన తెరిచి ఉంటుంది, 'వ' మూసుకుని ఉంటుంది. ఇంకు పాకి ఆ సందు మూసుకుపోతే 'ప' కాస్తా 'వ'లా కనిపిస్తుంది. 'ద' కింద ఒక్క చిన్న గీత పడితే 'ధ' అవుతుంది. ఒత్తులు కింది లైను దాకా జారుతాయి. అక్షరం చిన్నగా రాసేవాళ్లు లావు మొన పెన్ను వాడితే ఇదే ఇబ్బంది. పెన్ను మీద 0.7 అనో 1.0 అనో రాసి ఉంటుంది కదా, అది మొనలో తిరిగే గుండు సైజు మిల్లీమీటర్లలో. గీత అంతకంటే సన్నగానే పడుతుంది. అయినా చిన్న అక్షరాల వాళ్లకు 1.0 కంటే 0.7 నయం.

జీఎస్‌ఎం: కిరాణా కాటాతో లెక్కగట్టండిలా

నోట్‌బుక్ వెనక అట్ట మీద కొన్ని కంపెనీలు జీఎస్‌ఎం అంకె వేస్తాయి. ఒక చదరపు మీటరు పేపర్ ఎన్ని గ్రాముల బరువుందో చెప్పే అంకె అది. స్కూలు నోట్‌బుక్కులు ఎక్కువగా 50 నుంచి 60 మధ్య ఉంటాయి. జెరాక్స్ పేపర్ 70, 75 ఉంటుంది. చాలా లోకల్ బుక్కుల మీద ఈ అంకె ఉండదు. అప్పుడు మీరే లెక్కగట్టొచ్చు. కావాల్సింది ఒక స్కేలు, కిరాణా కొట్లో ఎలక్ట్రానిక్ కాటా.

ఉదాహరణకు ఒక 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ తీసుకుందాం. 200 పేజీలంటే 100 ఆకులు. ఆకు పొడవు 27 సెంటీమీటర్లు, వెడల్పు 17 సెంటీమీటర్లు ఉందనుకోండి. మీటర్లలో 0.27, 0.17. రెండూ గుణిస్తే ఒక ఆకు 0.0459 చదరపు మీటర్లు. వంద ఆకులకు 4.59 చదరపు మీటర్లు.

బుక్ కాటా మీద పెడితే 280 గ్రాములు వచ్చిందనుకుందాం. అట్టకు సుమారుగా 20 గ్రాములు తీసేయండి. మిగిలింది 260. దీన్ని 4.59తో భాగిస్తే దాదాపు 57. అంటే ఇది 57 జీఎస్‌ఎం పేపర్. పక్కనే అదే సైజు, అదే 200 పేజీలు అని రాసి ఉన్న ఇంకో బుక్ తక్కువ రేటుకు ఉంది. కాటా మీద 235 గ్రాములే వచ్చింది. 20 తీసేస్తే 215. భాగిస్తే 47 దగ్గర. రెంటి మధ్య పది జీఎస్‌ఎం తేడా ఉంది. రెండో దాంట్లో నీడ బాగా కనిపిస్తుంది, గట్టిగా రాస్తే మొన దిగబడుతుంది, రబ్బరు రుద్దితే పేపర్ చిరుగుతుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. కిరాణా కాటా ఐదు గ్రాములు అటూ ఇటూ చూపిస్తే మన లెక్కలో ఒక జీఎస్‌ఎం తేడా వస్తుంది. అందుకే వీలైతే నాలుగు బుక్కులు కలిపి తూచి నాలుగుతో భాగించండి. రెండోది, ఆకులు ఒకసారి లెక్కపెట్టండి. కొన్ని బుక్కుల్లో అట్టను కూడా పేజీల లెక్కలో కలిపేస్తారు. ఆ విషయం వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆకులు తక్కువుంటే బరువు తక్కువ వచ్చేది అందుకే కావచ్చు, పేపర్ పలచన కాకపోవచ్చు.

ఇంకో ముఖ్యమైన మాట. బరువు ఎక్కువుంటే ఇంకు దిగదు అనుకోవద్దు. బరువు నీడను తగ్గిస్తుంది. ఇంకు దిగకుండా ఆపేది సైజింగ్. సైజింగ్ బాగున్న 57 జీఎస్‌ఎం పేపర్, సైజింగ్ సరిగా లేని 70 జీఎస్‌ఎం పేపర్ కంటే బాగా రాయించుకుంటుంది. కాబట్టి కాటా లెక్క ఒక్కదాన్నే నమ్మకుండా ఐదు చుక్కల పరీక్ష కూడా చేయాలి. షాపులో బుక్ మీద గీయనివ్వరు కదా. ముందు ఒక్కటే కొని ఇంట్లో చూసి, నచ్చితే డజను తెచ్చుకోండి.

ప్రభుత్వ స్కూళ్ల పిల్లలకు కిట్‌లో నోట్‌బుక్కులు వస్తాయి. వాటికి కొత్తగా డబ్బు పెట్టక్కర్లేదు. అదే పరీక్ష వాటి మీద చేసి, ఏ పెన్ను ఒదుగుతుందో చూసుకుంటే చాలు.

బాల్ పెన్నా? జెల్ పెన్నా? సీమ ఎండల్లో ఏది నిలుస్తుంది?

బాల్ పెన్ను ఇంకు నూనెలా చిక్కగా ఉంటుంది. దాంట్లో నీళ్లు ఉండవు. అందుకే పేపర్ దాన్ని నెమ్మదిగా పీలుస్తుంది, వెనక్కి దాదాపు దిగదు. జెల్ పెన్ను, ఇంకు పెన్ను రెండింట్లోనూ నీటి ఆధారంగా తయారైన ఇంకు ఉంటుంది. రాయడానికి హాయిగా, ముదురుగా పడుతుంది. కానీ పేపర్ సైజింగ్ బలహీనంగా ఉంటే ఆ నీళ్లు పీచులోకి పోతాయి, ఇంకు వెనక్కి దిగుతుంది. ఈ మూడింట్లో ఎక్కువ దిగేది ఇంకు పెన్ను, తర్వాత జెల్, చివర బాల్ పెన్ను.

ఇక మన వాతావరణం. కర్నూలు, కడపల్లో మార్చిలోనే ఎండ మండుతుంది, గాలిలో తేమ ఉండదు. దీనివల్ల ఒక లాభం, రెండు నష్టాలు.

లాభం ఏమిటంటే, పొడి గాలికి జెల్ ఇంకు పేపర్ మీద త్వరగా ఆరుతుంది. కోస్తాలో అదే పెన్నుకు పట్టే టైమ్ కంటే ఇక్కడ తక్కువ పడుతుంది.

మొదటి నష్టం, అదే పొడి గాలికి జెల్ పెన్ను మొన దగ్గర ఇంకు కూడా ఆరిపోతుంది. మూత తీసి బెంచీ మీద పెట్టి ప్రశ్నపత్రం చదువుకుంటూ కూర్చుంటే, తిరిగి రాయబోయేసరికి మొదటి రెండు అక్షరాలు పడవు. చాలా పేపర్లకు పరీక్ష ఉదయం 9.30కి మొదలై 12.45 దాకా ఉంటుంది. అందులో 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదవడానికే. ఆ 15 నిమిషాలు పెన్ను మూత పెట్టే ఉంచండి. ఇంట్లో ఒకసారి చూడండి. మూత తీసి ఫ్యాన్ కింద పది నిమిషాలు పెట్టి రాయండి. గీత వెంటనే పడితే మంచిదే. నాలుగైదు సార్లు గీకితే తప్ప పడకపోతే ఆ పెన్ను పరీక్షకు పనికిరాదు.

రెండో నష్టం బాల్ పెన్నుది. వేడికి చిక్కటి ఇంకు పలచబడుతుంది. మొనలోని గుండు చుట్టూ ఎక్కువ ఇంకు బయటికొచ్చి అంచున పోగవుతుంది. చెయ్యి మలుపు తిరిగినప్పుడు ఆ ముద్ద పేపర్ మీద అంటుకుంటుంది. మనవాళ్లు పెన్ను ఇంకు కక్కుతాంది అనేది దీన్నే. లెక్కల పేపర్‌లో ఇది మరీ ప్రమాదం. 12, 5 మధ్యలో ఒక చుక్క పడితే అది దశాంశ బిందువులా కనిపిస్తుంది. 0 మధ్యలో ముద్ద పడితే 8 అనుకోవచ్చు.

కక్కే పెన్నును పట్టుకోవాలంటే ఒక లైను రాస్తే తెలియదు. ఒక పేజీ ఆపకుండా రాయాలి. ఆ పేజీలో ముద్దలు లెక్కపెట్టండి. ఒకటి రెండు ఉంటే సర్దుకోవచ్చు, అప్పుడప్పుడూ మొనను పాత గుడ్డకు తుడిస్తే సరిపోతుంది. ఐదారు దాటితే వద్దు. ఈ పరీక్ష రాత్రి చల్లగా ఉన్నప్పుడు కాకుండా మధ్యాహ్నం పన్నెండు గంటలకు చేయండి. హాలులో చివరి అరగంట ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది.

పెన్నులను బండి డిక్కీలో, ఎండలో నిలిపిన ఆటోలో వదిలేయకండి. లోపల గాలి వేడెక్కి వ్యాకోచించి ఇంకును ముందుకు నెడుతుంది. జెల్ పెన్ను మొన కిందికి చూసేలా పౌచ్‌లో పెట్టండి. మొన నేలకు తగిలేలా కింద పడితే గుండు దెబ్బతింటుంది, లోపల గాలి బుడగ చేరుతుంది. ఆ తర్వాత గీత తెగుతూ పడుతుంది. అలా పడిన పెన్నును పరీక్షకు తీసుకెళ్లొద్దు, రఫ్ పనికి వాడుకోండి.

అలుక్కుపోవడం: బొటనవేలు చెప్పే నిజం

ఇక్కడ ఒక తమాషా ఉంది. బాగా పీల్చే పేపర్ మీద ఇంకు వెనక్కి దిగుతుంది. అసలు పీల్చని నున్నటి పేపర్ మీద ఇంకు పైనే నిలబడి చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. అంటే ఒకటి తగ్గితే ఇంకోటి పెరుగుతుంది. "పేపర్ అద్దంలా నున్నగా ఉంది, చాలా బాగుంది" అనుకుని కొన్న నోట్‌బుక్ మీద జెల్ పెన్ను అలుక్కుపోయేది ఇందుకే.

పరీక్ష ఇలా చేయండి. ఒక పదం రాసి వెంటనే బొటనవేలితో రుద్దండి. రెండో పదం రాసి మనసులో ఐదు లెక్కపెట్టి రుద్దండి. మూడోది పది లెక్కపెట్టి. ఐదుకు అలుక్కోకపోతే ఆ జత, అంటే ఆ పెన్ను ఆ పేపర్, చాలా బాగున్నట్టు. పదికీ అలుక్కుంటే పేజీ తిప్పేటప్పుడు ఎదుటి పేజీకి అంటుకుంటుంది. ఆఖరి లైను రాసి గబుక్కున పేజీ తిప్పేది పరీక్షలోనే కదా.

తర్వాత నీళ్ల చుక్క. రాసి ఐదు నిమిషాలు ఆరనిచ్చి దాని మీద ఒక చుక్క నీళ్లు వేయండి. నిమిషం తర్వాత గుడ్డతో అద్దండి. బాల్ పెన్ను అక్షరం దాదాపు అలాగే ఉంటుంది. జెల్‌లో రెండు రకాలు. రంగు నీళ్లలో కరిగే రకమైతే అక్షరం కొట్టుకుపోతుంది. రంగు సన్నటి పొడి రూపంలో ఉండే రకమైతే నిలుస్తుంది. పెన్ను మీద వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నా ఒకసారి చుక్క వేసి చూడటమే మేలు. హాలులో వాటర్ బాటిల్ ఒలికినా, నుదుటి చెమట చుక్క పడినా ఏం జరుగుతుందో ముందే తెలుస్తుంది.

చెమట గురించి ఇంకో మాట. పొడి వాతావరణంలో ఒంటి మీద చెమట త్వరగా ఆరుతుంది. కానీ పేపర్‌కు ఆనించిన అరచేతి కింద గాలి ఆడదు. అక్కడ తడి, జిడ్డు పేపర్‌కు పడతాయి. ఆ చోటుకు వచ్చేసరికి బాల్ పెన్ను జారిపోయి గీత పడదు. పెన్ను చెడిపోయిందనుకుని పిల్లలు మారుస్తారు. నిజానికి చెడింది పేపర్. అరచేతి కింద మడిచిన హ్యాండ్ కర్చీఫ్ పెట్టుకుంటే సరిపోతుంది. రాసిన కాగితం ముక్కలేవీ హాలులోకి తీసుకెళ్లొద్దు.

ఎడమ చేత్తో రాసేవాళ్లకు ఈ అలుకుడు ఎక్కువ. తెలుగు, ఇంగ్లిష్ ఎడమ నుంచి కుడికి రాస్తాం. కాబట్టి వాళ్ల చెయ్యి ఇప్పుడే రాసిన అక్షరం మీదుగా జరుగుతుంది. కర్నూలు, కడపల్లో ఇంకో పెద్ద గుంపు ఉంది, ఉర్దూ మీడియం విద్యార్థులు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాస్తారు. అందువల్ల కుడిచేతి వాటం వాళ్లకే ఈ ఇబ్బంది వస్తుంది. చెయ్యి పచ్చి ఇంకు మీద పాకుతుంది. వీళ్లిద్దరూ ఐదు లెక్కలోపు ఆరే పెన్నునే ఎంచుకోవాలి. చాలాసార్లు అది సన్న మొన బాల్ పెన్నే అవుతుంది.

బైండింగ్: ఒక పేజీ చింపితే ఇంకోటి ఊడుతుంది

ఏడాదంతా రాసిన నోట్సు పరీక్ష ముందు వారం చేతిలో ముక్కలైతే ఎంత కష్టమో పిల్లలకు తెలుసు. మన షాపుల్లో దొరికేవి ప్రధానంగా మూడు రకాలు.

పిన్ను కొట్టినవి: మధ్యలో మడిచి రెండు పిన్నులు కొడతారు. సన్న బుక్కులకు ఇదే బాగుంటుంది, మంచంలా పూర్తిగా తెరుచుకుంటుంది. 200 పేజీల లావు బుక్‌కు మాత్రం పిన్ను బిగువు చాలదు. అట్ట పిన్ను దగ్గరే చిరుగుతుంది, మధ్య పేజీలు బయటికి తోసుకొస్తాయి.

దారం కుట్టినవి: కొన్ని ఆకులు చొప్పున మడిచి కట్టలుగా కుట్టి, వెన్నుకు గుడ్డ లేదా పేపర్ అతికిస్తారు. లావు బుక్‌కు ఇదే గట్టిది. పుస్తకం మధ్యలో అక్కడక్కడా తెరిస్తే దారం కనిపిస్తుంది, అదే గుర్తు.

గమ్ అంటించినవి: విడి ఆకులను వెన్ను దగ్గర జిగురుతో అతికిస్తారు. చూడటానికి నీటుగా ఉంటుంది. కానీ నాసిరకం జిగురు ఎండకు ఎండిపోయి పెళుసవుతుంది. పుస్తకం పూర్తిగా వెనక్కి విరిస్తే వెన్ను పగిలి ఆకులు జారిపోతాయి. కొనేటప్పుడు సరిగ్గా మధ్యకు తెరిచి రెండు వైపులా బల్లకు ఆనించండి. పటపట శబ్దం వచ్చినా, వెన్నులో జిగురు గీత విడినట్టు కనిపించినా వద్దు.

పిన్ను, దారం బుక్కుల్లో ఒక సంగతి చాలామంది గమనించరు. అందులో ఆకులు జతలుగా ఉంటాయి. ముందు వైపు ఆకు, వెనక వైపు ఆకు నిజానికి ఒకే షీటు. స్లిప్ టెస్టుకని ముందు నుంచి ఒక ఆకు చింపితే, వెనక దాని జత వదులైపోతుంది. నెల తర్వాత ఆ ఆకు ఊడి పడుతుంది, అందులో ఉన్న నోట్సు పోతుంది. స్లిప్ టెస్టులకు విడిగా ఒక రఫ్ బుక్ పెట్టుకోండి. తప్పక చింపాల్సి వస్తే సరిగ్గా మధ్యలోని జత షీటు తీయండి. దానివల్ల మిగతావేవీ వదులు కావు. ఆన్సర్ బుక్‌లెట్‌లో మాత్రం ఏ ఆకూ చింపకూడదు. తప్పు రాస్తే అడ్డంగా ఒక గీత కొట్టేయడమే.

మూడు పెన్నులు, ఒక సాయంత్రం: ఇలా తేల్చుకోండి

ఇంట్లో ఒక అమ్మాయి పదో తరగతి రాస్తోంది అనుకుందాం. ఆమె దగ్గర మూడు పెన్నులున్నాయి. ఒక 0.7 బాల్ పెన్ను, ఒక 1.0 బాల్ పెన్ను, ఒక 0.5 జెల్. స్కూల్లో ప్రీ ఫైనల్‌కు ఇచ్చిన పేపర్ ఒకటి మిగిలి ఉంటే మంచిది. లేదంటే ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే పలచటి నోట్‌బుక్ తీసుకోవాలి. ఎందుకంటే హాలులో ఏ పేపర్ వస్తుందో తెలియదు. అధ్వానమైన పేపర్ మీద నిలబడిన పెన్ను మంచి పేపర్ మీద ఎలాగూ రాస్తుంది.

మొదట ఐదు చుక్కలు. రెండు బాల్ పెన్నులూ గట్టెక్కాయి. జెల్ పలచటి పేపర్ మీద మూడు చుక్కలు వెనక్కి దింపింది. తర్వాత బొటనవేలు. మూడూ ఐదు లెక్కలో ఆరిపోయాయి, పొడి గాలి పుణ్యమా అని. తర్వాత మధ్యాహ్నం ఒక పేజీ ఆపకుండా రాయడం. 1.0 బాల్ పెన్ను ఏడు ముద్దలు వేసింది, 0.7 ఒక్కటే వేసింది. ఆఖరున ఆమె రాసిన పేజీ ఇంకొకరికి ఇచ్చి చేయి చాపినంత దూరం నుంచి చదివించారు. 0.7 అక్షరం తేటగా ఉంది.

ఇక్కడ తీర్పు కష్టం కాదు. పరీక్షకు 0.7 బాల్ పెన్ను. జెల్‌ను పూర్తిగా పక్కన పెట్టక్కర్లేదు. ఆ రోజు బుక్‌లెట్ పేపర్ గట్టిగా ఉందనిపిస్తే హెడింగులకు వాడుకోవచ్చు. అదీ నీలం, నలుపు రంగుల్లోనే. ఎరుపు, ఆకుపచ్చ ముట్టుకోవద్దు. బుక్‌లెట్ మొదట్లో ఉండే ఓఎంఆర్ షీటు మీద సంతకం చేసేటప్పుడు బాల్ పెన్నే వాడండి, ఆరాకే పేజీ తిప్పండి. బార్‌కోడ్ మీద ఏ మరకా పడకూడదు.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. తీర్పు వచ్చాక అదే పెన్నుతో కనీసం రెండు మూడు వారాలు రాయాలి. చెయ్యి ఎంత నొక్కాలో, ఏ వాలులో పట్టుకోవాలో అలవాటవ్వాలి. బాల్ పెన్నును కాస్త నొక్కి రాయాలి, జెల్ తేలిగ్గా పోతుంది. ఏడాదంతా జెల్‌తో రాసి పరీక్ష రోజు బాల్ పెన్ను పట్టుకుంటే గంటన్నరకే వేళ్లు పీకుతాయి. పరీక్షకు పది రోజులు కూడా లేకపోతే పెన్ను రకం మార్చకండి. జెల్ అలవాటున్నవాళ్లు జెల్‌లోనే ఇంకా సన్న మొన చూసుకుని ఐదు చుక్కల పరీక్ష చేయండి.

పరీక్ష రోజుకు అదే రకం పెన్నులు మూడు ఉండాలి. మూడూ కొత్తవి కాకూడదు. ఒక్కోటితో ముందు రోజు ఒక పేజీ రాసి ఉండాలి. కొత్త పెన్నులో మొదటి పేజీ ఎలా పోతుందో చెప్పలేం. ఆ పేజీ ఇంట్లోనే అయిపోవాలి.

హాలులో బుక్‌లెట్ చేతికి వచ్చాక వివరాలు నింపేటప్పుడే మొదటి పేజీ వెనక ఒకసారి చూడండి. ఇంకు దిగలేదా, ధీమాగా రెండు వైపులా రాయండి. దిగినట్టు కనిపిస్తే అప్పుడే రెండో పెన్ను తీయండి. 24వ పేజీ దాకా రాసుకునే వీలు ఆ ఒక్క చూపుతోనే మిగులుతుంది.